వార్షిక నివేదిక: ఈ ఏడాది బొటనవేలి మొదలు మీదే ఎక్కువ పని

సభ్యులందరికీ నమస్కారం.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, "వేలి కణుపుల మీది గడ్డలు పైకి కనిపిస్తాయి కాబట్టి ఎప్పుడూ వాటి గురించే మాట్లాడుకుంటున్నాం. నాకు గడ్డలు లేవు. తాళం తిప్పలేకపోతున్నాను. నా సంగతేమిటి?" అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకే ఈ ఏడాది నెలవారీ సమావేశాల్లో ఎక్కువ భాగం చేతి బొటనవేలి మొదట్లో వచ్చే కీలు అరుగుదలకే కేటాయించాం. ఈ నివేదికలోనూ దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

బొటనవేలు మణికట్టు దగ్గర మొదలయ్యే చోట రెండు ఎముకలు ఒకదాని మీద ఒకటి గుర్రపు జీనులా అమరి ఉంటాయి. బొటనవేలు అన్ని వైపులకూ తిరగగలిగేది ఈ అమరిక వల్లే. అయితే రెండు వేళ్లతో దేన్నైనా గిల్లినట్టు పట్టుకుంటే, వేలి కొసన పడిన ఒక కిలో బలం ఈ కీలు దగ్గరికి వచ్చేసరికి సుమారు పన్నెండు కిలోలవుతుంది. చేతుల శిక్షణ ఇచ్చే ఫిజియోథెరపిస్టు ఈ లెక్క చెప్పినప్పుడు గదిలో చాలామంది తమ బొటనవేలి వైపు చూసుకున్నారు. సూది పట్టుకోవడం, మూత తిప్పడం లాంటి చిన్న పనులకే ఎందుకంత నొప్పి వస్తుందో అప్పుడు అర్థమైంది.

ఒక సభ్యురాలి అనుమతితో ఆవిడ అనుభవం ఇక్కడ రాస్తున్నాను. వయసు యాభై ఆరు, వృత్తి కుట్టుపని. రెండేళ్లుగా కత్తెర పట్టిన ప్రతిసారీ కుడి బొటనవేలి మొదట్లో పోటు. ఒక చోట గౌట్, అంటే యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్లవాతం, అన్నారు. నాలుగు నెలలు ఆ మందులు వాడినా గుణం కనిపించలేదు. మా శిబిరంలో ఫిజియోథెరపిస్టు బొటనవేలి మొదట్లో ఎముక ఉబ్బి, అక్కడ చేయి పలకలా తయారవడం చూపించారు. వేలిని లోపలికి నొక్కి మెల్లగా తిప్పితే నొప్పితో పాటు గరగర కూడా తెలిసింది. తర్వాత ఎక్స్‌రేలో ఆ రెండు ఎముకల మధ్య సందు బాగా తగ్గినట్టు కనిపించింది.

మొదటి మెట్టు పని తీరు మార్చుకోవడం. కత్తెర పిడికి మందమైన గుడ్డ చుట్టారు. కొసవేళ్లతో పట్టే వస్తువుల్ని అరచేయి మొత్తంతో పట్టడం నేర్చుకున్నారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు ముడుచుకుపోకుండా, గ్లాసు పట్టుకున్నట్టు చేయి గుండ్రంగా తెరిచి ఉంచే వ్యాయామం రోజూ చేశారు. ఆ సందు మూసుకుపోతే బొటనవేలు అరచేతి వైపు లాక్కుపోతుంది. దాన్ని భర్తీ చేయడానికి మధ్య కణుపు వెనక్కి వంగుతుంది. ఒకసారి వేలు ఆ వంకరలో స్థిరపడితే సరిచేయడం కష్టం.

రెండో మెట్టు స్ప్లింటు, అంటే బొటనవేలి మొదలు కదలకుండా పట్టి ఉంచే తొడుగు. ఇబ్బంది వచ్చింది ఇక్కడే. మూడు వారాలకే ఆవిడ దాన్ని తీసి పక్కన పెట్టేశారు. "గుణం లేదు, పైగా బొటనవేలి వెనక తిమ్మిరి" అన్నారు. తిమ్మిరి నిజమే. స్ప్లింటు అంచు మణికట్టు పక్కన చర్మం కిందే నడిచే నరాన్ని నొక్కుతోంది. వేడి చేస్తే మెత్తబడే ప్లాస్టిక్‌తో, మణికట్టు కదిలేలా అంచు తగ్గించి మరొకటి చేయించాం. గుణం లేదన్న మాటకు జవాబు 2009లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో దొరికింది. రాత్రిపూట స్ప్లింటు పెట్టుకున్న వారికి, పెట్టుకోని వారికి నెల రోజులప్పుడు తేడా లేదు. ఏడాది తిరిగేసరికి మాత్రం స్ప్లింటు వాడినవారికి నొప్పి స్పష్టంగా తగ్గింది. ఇప్పటి యూరప్ మార్గదర్శకాలు కూడా కనీసం మూడు నెలలైనా వాడాలంటాయి. మన సభ్యురాలి నొప్పి పదికి ఏడు నుంచి నెల తర్వాత ఆరైంది, నాలుగో నెలకు మూడైంది. ఆ మొదటి నెల ఓపిక పట్టేలా చూడటమే ఈ ఏడాది మన సంఘం చేసిన అసలు పని అని నా అభిప్రాయం.

ఆ పైన నొప్పి మిగిలితే పూత మందు. డైక్లోఫెనాక్ జెల్ మాత్రల కన్నా ముందు రావాలి, ఎందుకంటే కడుపుకు, మూత్రపిండాలకు చేరే మందు చాలా తక్కువ. మాత్రలు తప్పనిసరైతే తక్కువ మోతాదులో, కొద్ది రోజులు, బీపీ ఉన్నవారు డాక్టరుకు చెప్పి మాత్రమే. బొటనవేలి మొదట్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ గురించి చాలామంది అడిగారు. పోల్చి చూసిన పరీక్షల్లో అది ఉత్త సెలైన్ కన్నా మెరుగని తేలలేదు కాబట్టి మామూలుగా సిఫార్సు చేయరు. ఇవన్నీ విఫలమైతే జీను ఆకారపు చిన్న ఎముకను తీసేసే శస్త్రచికిత్స ఉంది. దానికి స్నాయువు పట్టీలు కలిపి చేసే అదనపు పనుల వల్ల ఎక్కువ లాభం రుజువు కాలేదు. నొప్పి బాగా తగ్గుతుంది కానీ పట్టు బలం తిరిగి రావడానికి నెలలు పడుతుంది. చేయించుకున్న ఇద్దరు సభ్యులూ దీని గురించి సమావేశంలో దాపరికం లేకుండా చెప్పారు, వారికి ధన్యవాదాలు.

గడ్డల సంగతి క్లుప్తంగా. వేలి చివరి కణుపు మీదివి హెబర్డెన్ గడ్డలు, మధ్య కణుపువి బుషార్ గడ్డలు. హెబర్డెన్ పద్ధెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు వైద్యుడు. ఇవి గౌట్‌తో సంబంధం లేనివని అప్పుడే రాశాడు. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ. ఏర్పడుతున్నప్పుడు కొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్లు నొప్పి ఉండి, తర్వాత గడ్డ మిగిలి నొప్పి తగ్గుతుంది. గోరు మొదట్లో జిగురు నిండిన చిన్న బుడగ వస్తే సూదితో పొడవొద్దు. అది కీలుతో కలిసి ఉంటుంది, చీము లోపలికి చేరుతుంది. ఒక సభ్యుడికి ఈ ఏడాది ఇదే జరిగి పది రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది.

ఎముకను తినేసే ఎరోసివ్ రకం అరుగుదల గురించి వేరుగా చెప్పాలి. ఇందులో కణుపులు ఉన్నట్టుండి ఎర్రబడి, వెచ్చగా ఉబ్బుతాయి. ఎక్స్‌రేలో కీలు మధ్య భాగం గుంటపడి, అంచులు పైకి లేచి, ఎగిరే పక్షి రెక్కల ఆకారం కనిపిస్తుంది. రుమటాయిడ్ కీళ్లవాతం ఎముకను అంచుల నుంచి తింటుంది, చివరి కణుపుల్ని సాధారణంగా వదిలేస్తుంది. ఈ తేడా తెలియకే ముగ్గురు సభ్యులు రుమటాయిడ్ మందులు వాడుతూ వచ్చారు. రుమటాయిడ్ మందుల్లో ఒకటైన హైడ్రాక్సీక్లోరోక్విన్ చేతి అరుగుదల నొప్పిని తగ్గించదని 2018లోనే పెద్ద పరీక్షలో తేలింది. వాపుతో ఉన్న చేతి అరుగుదలకు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర రోజుకు పది మిల్లీగ్రాముల చొప్పున ఆరు వారాలు ఇచ్చి 2019లో నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్షలో నొప్పి తగ్గింది. మందు ఆపాక తిరిగి వచ్చింది. అందుకే అది వాపు చెలరేగినప్పుడు డాక్టరు ఎంచుకునే కొద్దికాలపు మందు మాత్రమే. ఏళ్ల తరబడి వాడేది కాదు.

జమాఖర్చుల పట్టిక వేరే కాగితంగా జతచేశాం. వచ్చే ఏడాది మొదటి సమావేశానికి స్ప్లింటు ఉన్నవారంతా దాన్ని తీసుకురండి, అంచులు నొక్కుతున్నాయేమో అక్కడే చూపించి సరిచేయిద్దాం. మానేసినవాళ్లు కూడా తీసుకురండి.

కార్యదర్శి