తెలియని ట్యాగ్ మీతో వస్తోందని ఫోన్ చెబితే

నిన్న రాత్రి మారతహళ్లి నుంచి ఇంటికి రాగానే నా ఫోన్‌లో ఈ అలర్ట్ చూసి చాలా టెన్షన్ పడ్డాను. మ్యాప్ తెరిస్తే చుక్కలు సరిగ్గా అక్క దగ్గర స్కూటీ తీసుకున్న చోటు నుంచే మొదలయ్యాయి, Play Sound నొక్కగానే సీటు కింద నుంచి కీచుమని వినిపించింది, అక్క తన తాళాలు ఎక్కడున్నాయో ఫోన్‌లో చూసుకోవడానికి కొన్న ఎయిర్‌ట్యాగే. తన యజమాని ఫోన్‌కు దూరమై మన వెంటే కదిలే ట్యాగ్‌ని ఫోన్ ఇలా పట్టేస్తుంది.

ఎవరిదో తెలియకపోతే మాత్రం ముందు మ్యాప్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. శబ్దం రాకపోయినా బ్యాగు అరలు, సీటు కింద వెతకండి, స్పీకర్ పీకేసినవీ ఉంటాయి. దొరికితే ఫోన్‌కి ఆనించండి, ఎయిర్‌ట్యాగ్ అయితే సీరియల్ నంబరు కనిపిస్తుంది, అదీ దాచుకోండి. బ్యాటరీ తీస్తే ట్రాకింగ్ ఆగుతుంది, కానీ పెట్టినవాళ్లకి విషయం అర్థమైపోవచ్చు. భయంగా ఉంటే ఇంటికి వెళ్లకుండా జనం ఉన్నచోట ఆగి 112కి ఫోన్ చేయండి.