తప్పు జవాబుకు పది మార్కులు, సరైన జవాబుకు సున్నా

సంపాదకుడు గారికి,

గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఇరవై ఏళ్లుగా డిప్లొమా విద్యార్థులకు సాయంత్రం పూట ఎలక్ట్రానిక్స్ చెబుతున్నాను. ఊళ్లో ఇళ్లలో తెలుగు, బళ్లో ఒడియా, కళాశాల పుస్తకాల్లో ఇంగ్లీషు. సరిహద్దు అవతల పాతపట్నం నుంచి కూడా పిల్లలు వస్తారు. అలా వచ్చే ఒక అమ్మాయి మొన్న తన జవాబు పత్రం నకలు తెచ్చి నా ముందు పెట్టి, ఏమీ అనకుండా కూర్చుంది. మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్‌కు అది పనిచేయాల్సిన వోల్టేజి, కరెంటు కుదిర్చే బయాసింగ్ లెక్క, పది మార్కులది. పేజీకి అడ్డంగా ఎర్ర గీత, పక్కన సున్నా. పక్క బల్ల మీది విద్యార్థికి అదే లెక్కకు పదికి పది వచ్చాయని చెప్పింది. లెక్క మొత్తం నేను మళ్లీ చేశాను. ఆ అమ్మాయి జవాబే సరైనది. మూల్యాంకనానికి ఇచ్చిన కీ తప్పు.

ప్రశ్నలో ఇచ్చినవి ఇవి. సరఫరా 12 వోల్టులు. గేటుకు పైన 2 మెగా ఓములు, కింద 1 మెగా ఓము. సోర్సులో 2 కిలో ఓములు, డ్రెయిన్‌లో 10 కిలో ఓములు. త్రెషోల్డ్ వోల్టేజి 1 వోల్టు, k విలువ 2 mA/V². డ్రెయిన్ కరెంటు ఎంత, సోర్సు రెసిస్టరుకు బైపాస్ కెపాసిటర్ పెడితే గెయిన్, అంటే సిగ్నల్ పెరిగే రెట్లు, ఎంత అని అడిగారు. సాచురేషన్, ట్రయోడ్ అనే పనితీరు ప్రాంతాల్లో మాస్‌ఫెట్ దేనిలో ఉందో ప్రశ్న చెప్పలేదు.

గేటులోకి కరెంటు పోదు కాబట్టి గేటు వోల్టేజి 4 వోల్టులు. మాస్‌ఫెట్ సాచురేషన్‌లో ఉందని అనుకుని స్క్వేర్‌లా సూత్రం రాస్తాం:

I_D = ½·k·(V_GS − V_T)²

ఇందులో I_D డ్రెయిన్ కరెంటు, V_GS గేటుకూ సోర్సుకూ మధ్య వోల్టేజి, V_T త్రెషోల్డ్ వోల్టేజి. కరెంటును మిల్లీ ఆంపియర్లలో తీసుకుంటే V_GS = 4 − 2·I_D. దీన్ని సూత్రంలో పెడితే I_D = (3 − 2·I_D)², అంటే 4·I_D² − 13·I_D + 9 = 0 అనే వర్గ సమీకరణం వస్తుంది. దానికి రెండు మూలాలు, 2.25, 1. మొదటిది తీసుకుంటే V_GS మైనస్ 0.5 వోల్టు అవుతుంది. అప్పుడు మాస్‌ఫెట్ అసలు ఆన్ కానే కాదు, కాబట్టి ఆ మూలం చెల్లదు. మిగిలింది 1 మిల్లీ ఆంపియర్. కీ ఇక్కడితో ఆగి, గెయిన్‌కు 20 అని రాసేసింది.

మా అమ్మాయి ఇక్కడ ఆగలేదు. 10 కిలో ఓముల్లో 1 మిల్లీ ఆంపియర్ పారితే డ్రెయిన్ దగ్గర మిగిలేది 2 వోల్టులు. సోర్సు దగ్గరా 2 వోల్టులే. అంటే ఆ రెండింటి మధ్య వోల్టేజి V_DS సున్నా. రెండు కొసల మధ్య వోల్టేజే లేకుండా కరెంటు ఎలా పారుతుంది? సాచురేషన్‌కు V_DS విలువ V_GS − V_T కన్నా తగ్గకూడదు. ఇక్కడ అది కనీసం 1 వోల్టు ఉండాలి. కాబట్టి మొదట అనుకున్నదే తప్పని ఆమె పత్రంలో స్పష్టంగా రాసింది. ఆ వాక్యం కింద కూడా ఎర్ర గీత ఉంది. అది చూసి నాకు మనసు కష్టపడింది.

అనుకున్నది చెల్లనప్పుడు ట్రయోడ్ ప్రాంతం సూత్రంతో మళ్లీ మొదలుపెట్టాలి:

I_D = k·[(V_GS − V_T)·V_DS − V_DS²/2]

V_DS = 12 − 12·I_D అని పెడితే 96·I_D² − 167·I_D + 72 = 0 వస్తుంది. మూలాలు సుమారు 0.95, 0.79. ఇక్కడా తనిఖీ తప్పదు. 0.79 తీసుకుంటే V_DS 2.5 వోల్టులు దాటుతుంది, V_GS − V_T మాత్రం 1.42 దగ్గరే ఉంటుంది. అది ట్రయోడ్ కాదు కాబట్టి ఆ మూలాన్ని కొట్టేయాలి. 0.95 తీసుకుంటే V_DS 0.59, V_GS − V_T 1.10. అనుకున్నదీ వచ్చిందీ కలిశాయి. డ్రెయిన్ కరెంటు 0.95 మిల్లీ ఆంపియర్. ఆమె రాసినది అదే.

పత్రం దిద్దినవారిని ఒక మిత్రుడి ద్వారా అడిగించాను. ఒకటికీ సున్నా పాయింట్ తొంభై అయిదుకూ తేడా ఎంత అన్నారట. కరెంటు వరకు నిజంగానే తేడా అయిదు శాతమే. గెయిన్ దగ్గరికి వస్తే సంగతి వేరు. సాచురేషన్‌లో డ్రెయిన్ వైపు చానల్ మూసుకుపోయి ఉంటుంది, డ్రెయిన్ వోల్టేజి మారినా కరెంటు దాదాపు మారదు. అందుకే చిన్న సిగ్నల్ పెద్దదవుతుంది. ట్రయోడ్‌లో చానల్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెరిచి ఉంటుంది, మాస్‌ఫెట్ మామూలు రెసిస్టరులా ప్రవర్తిస్తుంది. ఈ సర్క్యూట్‌లో ఆ నిరోధం కిలో ఓముకు అటూ ఇటుగా ఉండి, 10 కిలో ఓముల లోడును మింగేస్తుంది. లెక్క కడితే గెయిన్ 1.06. కీ ప్రకారం 10 మిల్లీవోల్టులు లోపలికి ఇస్తే 200 బయటికి రావాలి. నిజానికి వచ్చేది పదికి కాస్త పైన. ఈ సర్క్యూట్ ఆంప్లిఫయరే కాదు. కీ మాత్రం దాన్ని ఇరవై రెట్ల ఆంప్లిఫయర్ అంటోంది.

పిల్లలు ఇక్కడ తడబడడానికి ఇంకో కారణం ఉంది. బైపోలార్ ట్రాన్సిస్టర్ పాఠంలో సాచురేషన్ అంటే స్విచ్చు పూర్తిగా వేసిన స్థితి, ఆంప్లిఫయర్‌కు పనికిరానిది. మాస్‌ఫెట్‌లో అదే మాట ఆంప్లిఫయర్ పనిచేసే ప్రాంతానికి పేరు. ఒకే పేరు, అర్థం తలకిందులు. ఈ తేడాను తరగతిలో మొదటి రోజే చెప్పకపోతే చివరి ఏడాది దాకా వెంటాడుతుంది.

ప్రశ్న తయారు చేసినవారికి ఒక గీత చాలు. సాచురేషన్ నిలవాలంటే డ్రెయిన్ వోల్టేజి గేటు వోల్టేజిలోంచి త్రెషోల్డ్ తీసేసినంతకు, అంటే 3 వోల్టులకు, తగ్గకూడదు. 12 లోంచి 3 పోతే 9 వోల్టులు. 1 మిల్లీ ఆంపియర్‌కు డ్రెయిన్ రెసిస్టరు 9 కిలో ఓములు మించకూడదు. అది కూడా అంచు మీద ఉన్నట్టే. సిగ్నల్ కాస్త కిందికి ఊగినా ట్రయోడ్‌లోకి జారుతుంది. పైగా త్రెషోల్డ్ వోల్టేజి ఒక్కో మాస్‌ఫెట్‌లో ఒక్కోలా ఉంటుంది. 5 కిలో ఓములు ఇచ్చి ఉంటే V_DS కూడా 5 వోల్టులు వచ్చేది, కీలోని 1 మిల్లీ ఆంపియర్ సరైనదయ్యేది, గెయిన్ పది అయ్యేది.

దిద్దినవారిని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కట్టలకొద్దీ పత్రాలు, చేతిలో ఒక కీ, గడువు తక్కువ. కానీ పునర్మూల్యాంకనం కోరితే కీలో ఉన్నదే తుది మాట అని తిప్పి పంపారు. పరీక్ష నిర్వహించిన సంస్థను మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ఈ ప్రశ్న కీని ఉపసంహరించి, దీన్ని రాసిన పత్రాలన్నీ మళ్లీ దిద్దించాలి. ఇకమీదట బయాసింగ్ లెక్కకు పది మార్కులుంటే వాటిలో మూడు, ఏ ప్రాంతమని అనుకున్నారో అది నిలిచిందా అని చూపినందుకు కేటాయించాలి. పాత కీ నకలు, ఆ అమ్మాయి అనుమతితో ఆమె జవాబు పత్రం నకలు నా దగ్గర ఉన్నాయి. ఎవరు అడిగినా చూపిస్తాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా