అడ్మిషన్ కౌంటర్‌లో నిమిషాలే లెక్కిస్తే ఎలా?

సంపాదకుడు గారికి,

నేను ఒక ప్రైవేట్ ఆసుపత్రి అడ్మిషన్ డెస్క్‌లో ఆరేళ్లు పనిచేశాను. అక్కడ మా పనికి కొలత ఒక్కటే, సగటున ఒక్కో పేషెంట్‌కి 8 నిమిషాలు దాటకూడదు. దాంతో పాత రిజిస్ట్రేషన్ నంబరు వెతకడానికి టైమ్ పోతుందని కొత్త నంబరు ఇచ్చేసేవాళ్లం. ఒకసారి ఒక పెద్దాయనకి అలాగే చేశాం, ఆయనకి పెన్సిలిన్ పడదని రాసి ఉన్న పాత ఫైలు వార్డుకి చేరనే లేదు, కూతురు గుర్తుచేసింది కాబట్టి గండం తప్పింది. మా రిపోర్టులో మాత్రం ఆ అడ్మిషన్ 5 నిమిషాల్లో పూర్తయినట్టే ఉంది.

సమయం కొలవొద్దని నేను అనను. కానీ సగటు చూస్తే గంటన్నర కూర్చున్నవాళ్లు కనబడరు, పదిమందిలో తొమ్మిదిమందికి ఎంతసేపట్లో అయిందో చూడాలి. దాని పక్కనే, అదే కాగితం మీద, ఒకే మనిషికి రెండు నంబర్లు ఎన్నిసార్లు పడ్డాయో, పేరూ పుట్టిన తేదీ ఇన్సూరెన్స్ వివరాలూ డిశ్చార్జిలోపు ఎన్నిసార్లు దిద్దారో ఉండాలి. దిద్దినందుకు స్టాఫ్‌ని తిడితే తప్పులు దాచేస్తారు, ఇది నేను కళ్లారా చూశాను. అందుకే మెడికల్ రికార్డ్స్ వాళ్లే వారానికి ఏవో 20 ఫైళ్లు ఏరకుండా తీసి, గుర్తింపు కార్డుతో పోల్చాలి. ఒక్క వారం 20 ఫైళ్లతో ఎవరి పనినీ తేల్చలేం, మూడు నెలలవి కలిపి చూడాలి.

ఎమర్జెన్సీ కేసుల్ని ఇందులో కలపనే వద్దు. అక్కడ ముందు వైద్యం, వివరాలు తర్వాత.

– ఒక పాఠకురాలు, గుంటూరు