నిమ్మకాయ కర్డ్ రవ్వ కట్టకుండా

చిరంజీవి బుజ్జికి,
అమ్మ ఆశీస్సులు.

టార్ట్‌లో నింపడానికి నువ్వు చేసిన నిమ్మకాయ కర్డ్ ఫొటో చూశాను. రవ్వలా పలుకులు వచ్చాయని, పంచదార కరగలేదేమో అని రాశావు. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూడు. పంచదారైతే కరిగిపోతుంది, గుడ్డు పలుకైతే మెత్తగా నలిగి అలాగే ఉంటుంది. నీ కర్డ్‌లో ఉన్నవి ఉడికిపోయిన గుడ్డు పలుకులే అనుకుంటున్నాను, ఎందుకంటే గిన్నె అంచు చుట్టూనే ఎక్కువగా కనిపిస్తున్నాయి. వేడి ముందుగా తగిలేది అక్కడే.

ఈసారి పచ్చసొనలు మాత్రమే వాడు. తెల్లసొన పచ్చసొన కంటే తక్కువ వేడికే గడ్డకడుతుంది, అందుకే తెల్లటి పీచులు తేలతాయి. ఐదు సొనలకు 130 గ్రాముల పంచదార, 80 మిల్లీలీటర్ల నిమ్మరసం, 75 గ్రాముల వెన్న సరిపోతాయి. పంచదార సొనల మీద పోసి వదిలేయకు. అది సొనలోని తడి లాగేసుకుని గట్టి గింజలు చేస్తుంది, అవి తర్వాత కరగవు. పోసిన వెంటనే విస్క్‌తో కలిపి, ఆపైన రసం పొయ్యి. గిన్నె స్టీలుదే తీసుకో, అల్యూమినియం అయితే పులుపుకి లోహపు రుచి వస్తుంది.

ఉత్త పచ్చసొన 65 డిగ్రీల దగ్గర చిక్కబడటం మొదలుపెట్టి 70కి గట్టిపడుతుంది. పంచదార, రసం చేరాక ఆ హద్దు పైకి జరుగుతుంది. మన కర్డ్ 75, 77 మధ్య చిక్కబడుతుంది. 82 దాటిందంటే విరిగే ప్రమాదం ఉంది. కస్టర్డ్ పౌడర్ పాలు ఉడికించినా ఏమీ కావు కదా అంటావేమో, అందులో మొక్కజొన్న పిండి ఉంటుంది. ఇందులో పిండి లేదు, కాబట్టి ఒక్క బుడగ కూడా రానివ్వకూడదు.

కింద గిన్నెలో నీళ్లు సన్నగా మరుగుతుంటే, పై గిన్నె అడుగు నీళ్లకు తగలకుండా పెట్టు. సిలికాన్ గరిటెతో అడుగు, అంచులు గీకుతూ ఆపకుండా తిప్పు. మొదట పైన తెల్లటి నురగ ఉంటుంది. అది తగ్గిపోయి పైభాగం నున్నగా మెరిసిందంటే దగ్గరపడినట్టే. గరిటె వెనక వేలితో గీత గీస్తే రెండు వైపులా కలవకుండా నిలవాలి. థర్మామీటర్ ఉంటే 76 చూడగానే దించెయ్యి. ఇంకా పల్చగా ఉందని భయపడకు, చల్లారితే, వెన్న బిగుసుకుంటే చిక్కబడుతుంది.

దించగానే సన్నటి జల్లెడలో వడకట్టు. చల్లటి వెన్న ముక్కలు ఒక్కొక్కటే వేస్తూ కలుపు, వాటితో వేడి కూడా చప్పున తగ్గుతుంది. ఇంగ్లండ్‌లో స్కోన్లనే చిన్న బన్నుల మీద రాసుకునే నునుపు అలాగే వస్తుంది.

ఇప్పుడు చెడింది పారేయకు. పలుకులు కొద్దిగా ఉంటే జల్లెడ చాలు. ఎక్కువుంటే మిక్సీ పట్టు, నునుపవుతుంది గానీ గుడ్డు వాసన పోదు, దాన్ని కేకు పొరల మధ్య వాడుకో. టార్ట్‌కి మాత్రం కొత్తగా చెయ్యి. రాత్రే చేసి, పైన మీగడ కట్టకుండా ప్లాస్టిక్ కవరు కర్డ్‌కి ఆనించి ఫ్రిజ్‌లో పెట్టు.

అమ్మ