మేం పెట్టిన వీపీఎన్ సగమే పనిచేసింది, తప్పు మాదే

"అన్నా, మీరు పెట్టిన వీపీఎన్ అమెరికా అనే చూపిస్తోంది. కానీ గూగుల్‌లో వెతికితే గుంటూరు షాపులే వస్తున్నాయి. ఇది పనిచేస్తున్నట్టా, లేనట్టా?"

పోయిన వారం మన కస్టమర్ ఒకామె వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఇది. సగమే పనిచేస్తోందమ్మా. ఆ సగాన్ని కూడా సరిగ్గా చూడకుండానే మీ చేతికిచ్చాను. మా షాపులో వీపీఎన్ పెట్టించుకున్న మిగతావాళ్లకు కూడా ఇదే జరిగి ఉండొచ్చు, అందుకే అందరికీ రాస్తున్నాను.

ఆమె డల్లాస్‌లోని ఒక డెంటల్ క్లినిక్‌కి ఇక్కడి నుంచే యాడ్స్ పని చేస్తారు. వెతికినప్పుడు అక్కడివాళ్లకు ఏం కనిపిస్తుందో తనకూ అదే కనిపించాలి. యాప్ ఎక్కించి, అమెరికా సర్వర్ కలిపి, ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబర్, అంటే ఐపీ అడ్రస్, చూపించే సైట్ ఒకటి తెరిచాను. నంబర్ మారింది, పక్కన అమెరికా జెండా వచ్చింది. డబ్బులు తీసుకున్నాను. అక్కడే పొరపాటు చేశాను.

ఇప్పుడు చాలా కనెక్షన్లకు రెండు అడ్రస్‌లు ఉంటాయి. పాత పద్ధతి ఐపీవీ4, కొత్తది ఐపీవీ6. నేను తెరిచిన సైట్‌కు పాతదొక్కటే తెలుసు, కాబట్టి అదే చూపించింది. ఆమె సిస్టమ్‌ని షాపుకు తెప్పించి రెండూ విడివిడిగా అడిగాను. విండోస్ 10, 11లో cmd తెరిచి ఇలా కొట్టాలి:

```
curl -4 https://icanhazip.com
curl -6 https://icanhazip.com
```

ముందు వీపీఎన్ ఆపి కొట్టి, వచ్చిన రెండు నంబర్లూ కాగితం మీద రాసుకోవాలి. తర్వాత వీపీఎన్ కలిపి మళ్లీ కొట్టాలి. కాగితం మీదున్న నంబర్ ఏదీ మళ్లీ కనిపించకూడదు. ఆమె సిస్టమ్‌లో మొదటి నంబర్ మారింది. రెండోది మాత్రం వీపీఎన్ లేనప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, `2401:4900` తో మొదలై. అది ఆమె ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన అడ్రసే.

సంగతేంటంటే, ఆ యాప్ ఐపీవీ4కి మాత్రమే సొరంగం వేసింది. ఐపీవీ6 ట్రాఫిక్ దాన్ని పట్టించుకోకుండా మామూలు దారిలోనే పోయింది. రెండు దారులూ ఉన్న సైట్‌కి బ్రౌజర్ సాధారణంగా కొత్తదారినే ఎంచుకుంటుంది. గూగుల్‌కి రెండూ ఉన్నాయి. ముందు తలుపుకు తాళం వేసి, పెరటి తలుపు బార్లా తెరిచి పెట్టినట్టయింది.

ఇలా అసలు అడ్రస్ వీపీఎన్ దాటి బయటపడటాన్నే లీక్ అంటారు. యాప్ సెట్టింగ్స్‌లో ఐపీవీ6 లీక్‌ని ఆపే ఆప్షన్ ఉంటే అది ఆన్ చేస్తే చాలు. ఆమె యాప్‌లో లేదు. అందుకని `ncpa.cpl` తెరిచి, వైఫై మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో `Internet Protocol Version 6 (TCP/IPv6)` దగ్గర టిక్ తీసేశాను. ఆ తర్వాత రెండో కమాండ్ కొడితే నంబర్ రాకుండా ఎర్రర్ వచ్చింది. మనకు కావలసింది ఆ ఎర్రరే. ఒక జాగ్రత్త ఏంటంటే, టిక్ తీసింది వైఫైకి మాత్రమే. రేపు కరెంటు పోయి ఫోన్‌ని కేబుల్‌తో కలిపితే అది వేరే అడాప్టర్, దానికీ విడిగా తీయాలి. వీపీఎన్ ఆపి ఉన్నప్పుడే రెండో కమాండ్‌కి ఎర్రర్ వచ్చేవాళ్లకు ఐపీవీ6 లేనట్టే, వాళ్లకు ఈ గొడవ లేదు. ఫోన్‌లో చూసుకోవాలంటే test-ipv6.com తెరవండి, రెండు అడ్రస్‌లూ ఒకే పేజీలో కనిపిస్తాయి.

రెండో పరీక్ష వెబ్‌ఆర్‌టీసీ. బ్రౌజర్‌లోనే వీడియో కాల్స్ నడిపే ఏర్పాటు ఇది. అవతలివాళ్లతో నేరుగా కలవడానికి ముందు బ్రౌజర్ ఒక బయటి సర్వర్‌ని "నేను నీకు ఏ అడ్రస్‌తో కనిపిస్తున్నాను?" అని అడుగుతుంది. మీరు కాల్ చేయకపోయినా, తెరిచిన పేజీ ఈ ప్రశ్న అడిగించి జవాబు చదువుకోగలదు. వీపీఎన్ కలిపి ఉంచి browserleaks.com/webrtc తెరిచి, అందులో `Public IP Address` అన్నచోట చూడండి. వీపీఎన్ నంబర్ ఉంటే సరే. కాగితం మీద రాసుకున్న మీ నంబర్ ఉంటే లీకే. లోకల్ అడ్రస్ దగ్గర `192.168` తోనో `10.` తోనో మొదలయ్యేది కనిపిస్తే టెన్షన్ పడొద్దు. అది ఇంట్లో రూటర్ ఇచ్చిన నంబర్, ఊరంతా అవే వాడుకుంటారు.

ఆమెకు ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు. దొరికింది ఇంకో కస్టమర్ దగ్గర. ఆయన యాప్ వద్దని, క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ చాలని పెట్టించుకున్నారు. మామూలు టెస్ట్‌లో నెదర్లాండ్స్ వచ్చింది, వెబ్‌ఆర్‌టీసీలో ఆయన బ్రాడ్‌బ్యాండ్ నంబర్ నిక్షేపంగా కనిపించింది. ఎక్స్‌టెన్షన్ పేరులో వీపీఎన్ అని ఉన్నా, ఇలాంటివి చాలావరకు బ్రౌజర్‌కి పెట్టే ప్రాక్సీ మాత్రమే. వెబ్ పేజీలు దాని గుండా పోతాయి, వెబ్‌ఆర్‌టీసీ వాడే యూడీపీ ప్యాకెట్లు పక్కనుంచి పోగలవు. ఫైర్‌ఫాక్స్‌లో అయితే `about:config` లోకి వెళ్లి `media.peerconnection.enabled` ని `false` చేస్తే ఆగిపోతుంది, కానీ బ్రౌజర్‌లో మీట్ కాల్స్ కూడా ఆగిపోతాయి. ఆయనకు రోజూ మీటింగ్‌లే. అందుకే మొత్తం సిస్టమ్‌కి పనిచేసే యాప్ పెట్టించి ఎక్స్‌టెన్షన్ తీసేశాను.

మళ్లీ ఆమె సంగతికొస్తే, రెండు నంబర్లూ సరిచేశాక కూడా గూగుల్ గుంటూరే అంది! నిజం చెప్పాలంటే నాకు చెమటలు పట్టాయి. పేజీ అడుగుకి వెళ్లి చూస్తే ఊరి పేరు పక్కన `From your device` అని చిన్న అక్షరాల్లో ఉంది. అడ్రస్‌ని బట్టి చెప్పి ఉంటే `From your IP address` అని ఉండేది. ఎప్పుడో ఆమె గూగుల్‌కి లొకేషన్ పర్మిషన్ ఇచ్చారు. అలా ఇస్తే బ్రౌజర్ చుట్టుపక్కల వైఫై రూటర్లను బట్టి చోటు కనిపెడుతుంది. వీపీఎన్ దాన్ని మార్చలేదు, మార్చడం దాని పని కూడా కాదు. పర్మిషన్ తీసేసి, లాగిన్ లేకుండా ఇన్‌కాగ్నిటో విండోలో వెతికితే అమెరికా ఫలితాలు వచ్చాయి.

అప్పుడు కూడా డల్లాస్ కచ్చితంగా రాలేదు. ఒక సైట్ డల్లాస్ అంది, ఇంకోటి అదే నంబర్‌కి వేరే ఊరు చెప్పింది. ఏ నంబర్ ఏ ఊరిదో చెప్పే డేటాబేస్‌లు కంపెనీకి ఒకటి ఉంటాయి, ఊరి దగ్గర అవి తరచూ పొరబడతాయి. దేశం, దాని కింద కనిపించే నెట్‌వర్క్ కంపెనీ పేరు సరిపోతే చాలు. కంపెనీ పేరు దగ్గర మీ బ్రాడ్‌బ్యాండ్ వాళ్ల పేరే ఉంటే మాత్రం అనుమానించాల్సిందే.

అమెరికాలో ఉంటూ ఇండియా సర్వర్ కావాలని అడిగిన ఇద్దరికి కూడా ఒక మాట. మీకు ఒక సైట్‌లో ఇండియా, ఇంకో సైట్‌లో సింగపూర్ రావడం లీక్ కాదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వీపీఎన్ కంపెనీలను కస్టమర్ల వివరాలు 5 ఏళ్లు తమ దగ్గర భద్రపరచమంది. దాంతో కొన్ని పెద్ద కంపెనీలు ఇక్కడి సర్వర్లు తీసేసి, వేరే దేశంలోని మెషీన్లకు ఇండియా అడ్రస్‌లు పెట్టాయి.

ఇప్పటిదాకా పదకొండు సిస్టమ్‌లు మళ్లీ చూశాను, నాలుగింటిలో లీక్ ఉంది. మిగతావాళ్లు ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట లోపు సిస్టమ్ తెండి, ఉచితంగా చూసి సరిచేస్తాను. లీక్ బయటపడితే అప్పట్లో తీసుకున్న మూడువందలూ తిరిగిచ్చేస్తాను. రాలేనివాళ్లు పైన చెప్పినవి చేసి స్క్రీన్‌షాట్‌లు నాకు విడిగా పంపండి. గ్రూప్‌లో పెట్టొద్దు, వాటిలో మీ అసలు అడ్రస్ ఉంటుంది.