కిరాణా, జనరల్ వర్తకుల సంఘం వార్షిక నివేదిక, 2024–25: దుకాణాల రోజువారీ ఇబ్బందులకు యాప్ ఆలోచనలు

గౌరవ సభ్యులందరికీ నమస్కారం. దుకాణంలో రోజూ ఎదురయ్యే ఇబ్బందుల్లో ఫోన్ యాప్‌తో తీరగలిగేవి ఏవో గుర్తించాలని గత సర్వసభ్య సమావేశం కార్యవర్గాన్ని కోరింది. ఆ మేరకు ఈ సంవత్సరం జరిగిన పనిని సభ్యుల ముందుంచుతున్నాము.

సభ్యుల సూచనల్లో ఎక్కువ భాగం అరువు ఖాతా గురించే వచ్చాయి. దానికి ఇప్పటికే ఉచిత యాప్‌లు ఉన్నాయి. వాటిని వాడేవారు వాడుతున్నారు, పుస్తకమే మేలనుకున్నవారు పుస్తకమే రాస్తున్నారు. కాబట్టి అందులో కొత్తగా చేయవలసినది కార్యవర్గానికి కనిపించలేదు. రాత్రి దుకాణం కట్టేటప్పుడు యూపీఐ జమలను గల్లా లెక్కతో సరిచూసుకునే యాప్ కావాలన్న సూచన మంచిదే అయినా, బ్యాంకుల సహకారం లేనిదే అది ముందుకు సాగదు. గడువు తీరిపోయే సరుకు విషయంలో మాత్రం మన అవసరానికి సరిపడే సాధనం కనిపించనందున, ఈ సంవత్సరం కృషి దానిమీదే పెట్టాము.

నష్టం ఎంతో ఒక ఉదాహరణలో చూద్దాం. 30 రూపాయల బిస్కెట్ ప్యాకెట్ మనకు 26 రూపాయలకు పడుతుందనుకుందాం. గడువు దాటి 12 ప్యాకెట్లు మిగిలిపోతే పోయేది 312 రూపాయలు. ప్యాకెట్‌కు 4 రూపాయల లాభం చొప్పున ఆ సొమ్ము తిరిగి రావాలంటే మరో 78 ప్యాకెట్లు అమ్మాలి. వారానికి మూడు అమ్ముడయ్యే దుకాణంలో అది 26 వారాల పని, అంటే ఒక్క అరలో మిగిలిన సరుకు అర్ధ సంవత్సరపు లాభాన్ని మింగేస్తుంది.

బార్‌కోడ్‌ను స్కాన్ చేస్తే గడువు తేదీ యాప్‌లోకి దానంతటదే వస్తుందని సభ్యుల్లో చాలామంది అనుకున్నారు. అలా రాదు. మన దేశంలో నమోదైన సరుకుల మీద సాధారణంగా 890తో మొదలయ్యే 13 అంకెలు కంపెనీనీ వస్తువునీ గుర్తించడానికే పనికొస్తాయి, వాటిలో చివరి అంకె మిగతావి సరిగా చదివామో లేదో తేల్చడానికి ఉంటుంది. జనవరిలో తయారైన ప్యాకెట్‌కూ జూన్‌లో తయారైన ప్యాకెట్‌కూ కోడ్ ఒకటే. మందుల దుకాణాలవారికి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. 2023 ఆగస్టు 1 నుంచి ఎంపిక చేసిన 300 బ్రాండ్ల మందుల మీద బ్యాచ్, గడువు వివరాలు ఉండే కోడ్ తప్పనిసరి అయింది. కిరాణా సరుకుకు అటువంటి ఏర్పాటు ఇంకా లేదు. ఫోన్ కెమెరాతో తేదీని చదివిద్దామంటే, మెరిసే కవరు మీద చుక్కలు చుక్కలుగా ముద్రించిన అంకెల్లో 3కూ 8కీ తేడా మనిషి కంటికే ఒక్కోసారి అందదు.

అందువల్ల తేదీని చేత్తోనే ఎక్కించాలి. సరుకు దించుకునేటప్పుడు ఎవరికీ తీరిక ఉండదు గనుక ప్రతి ప్యాకెట్‌కూ కాకుండా ఒక్కో రకానికి ఒకే తేదీ, అది కూడా ఆ సరుకులో అన్నిటికంటే ముందు తీరే గడువు నమోదు చేస్తే చాలని నిర్ణయించాము. కవరు మీద నెల, సంవత్సరం మాత్రమే ఉన్నప్పుడు ఆ నెల ఒకటో తారీఖునే గడువుగా తీసుకోవాలన్నాము. కొన్ని రోజులు నష్టపోయినా అది క్షేమం.

ఇక హెచ్చరిక ఎప్పుడు రావాలన్నది ఆలోచించవలసిన అసలు విషయం. గడువు రోజున వచ్చే హెచ్చరిక ఎవరికీ అక్కరలేదు. వాపసు తీసుకునే డిస్ట్రిబ్యూటర్లలో కొందరు గడువుకు కొన్ని వారాల ముందే చెప్పాలంటారు కాబట్టి మనకు ముఖ్యమైనది వాపసు గడువు. ఏ సరుకైనా 30 రోజుల ముందు హెచ్చరిస్తే సరిపోతుందన్న వాదన కూడా నిలవలేదు, ఎందుకంటే త్వరగా పోయే సరుకుకు హెచ్చరికే అవసరం లేదు, నెమ్మదిగా పోయేదానికి 30 రోజులు చాలవు. మిగిలిన సరుకునూ వారం అమ్మకాన్నీ కలిపి చూడాలి. ఒక యువ సభ్యుడు దీనికి గూగుల్ షీట్‌లో నమూనా తయారుచేశారు. B గడిలో మిగిలిన ప్యాకెట్ల సంఖ్య, C గడిలో వారం అమ్మకం, D గడిలో గడువు తేదీ ఉంటాయి, వాపసుకు 30 రోజుల ముందు చెప్పాలన్న షరతుతో సూత్రం ఇది:

```
=MAX(0, B2 - C2*MAX(0, INT((D2-TODAY()-30)/7)))
```

నవంబరు 1న 36 ప్యాకెట్లు ఉన్నాయనీ, గడువు జనవరి 31 అనీ అనుకుందాం. వాపసు గడువు జనవరి 1, మధ్యలో 61 రోజులు, అంటే ఎనిమిది పూర్తి వారాలు. వారానికి మూడు చొప్పున 24 పోతాయి, 12 మిగులుతాయి. ఈ 12 అనే అంకె రెండు నెలల ముందే కనిపించడంతోనే ప్రయోజనం, ఎందుకంటే అప్పుడే పాత సరుకును ముందు వరుసలో పెట్టవచ్చు, స్కీమ్ ఆశ చూపి మరో పెట్టె దించబోయే సేల్స్‌మన్‌కు వద్దని చెప్పవచ్చు. సరుకు పేరుకుపోవడానికి చాలా సందర్భాల్లో కారణం అమ్మకం తగ్గడం కన్నా ఆ స్కీమేనని కార్యవర్గం అభిప్రాయం. హెచ్చరిక ఆ కంపెనీ సేల్స్‌మన్ మన లైనుకు వచ్చే ముందురోజు సాయంత్రం వస్తేనే పనికొస్తుంది. వేరే రోజు వస్తే మరచిపోతాము.

నమూనాలో తేలిన ఇబ్బంది వారం అమ్మకం గురించినది. మనలో ఎక్కువమందికి బిల్లింగ్ మిషన్ లేదు గనుక అమ్మకం ఎక్కడా నమోదు కాదు. దీనికి కుదిరిన మార్గం ఏమిటంటే, గడువు దగ్గర పడుతున్న కొద్ది రకాలను మాత్రమే యాప్ అడగాలి, దుకాణదారు అరలో చూసి మిగిలిన సంఖ్య కొట్టాలి. రెండు లెక్కల తేడాయే అమ్మకం. అయితే కొత్త సరుకును పనికుర్రాడు ముందు పెట్టి పాతది వెనక్కి నెట్టితే, మొత్తం సంఖ్య తగ్గుతూనే ఉంటుంది, పాత తేదీ ప్యాకెట్లు మాత్రం కదలవు. కాబట్టి లెక్కపెట్టేటప్పుడు పాత తేదీవాటినే లెక్కపెట్టాలి. వరుసగా రెండు వారాలు ఆ సంఖ్య మారలేదంటే అర సర్దడంలోనే లోపం ఉందని గ్రహించాలి.

వాపసు ఇచ్చిన సరుకుకు రసీదు లేకపోవడం మరో చిక్కు. సేల్స్‌మన్ సంచిలో వేసుకుని వెళతాడు, క్రెడిట్ నోట్ వచ్చేలోపు మనిషి మారతాడు, కొత్తగా వచ్చినవారు తమకు తెలియదంటారు. సరుకు ఇచ్చేటప్పుడే ఫోటో తీసి, సంఖ్యతోపాటు డిస్ట్రిబ్యూటర్‌కు సందేశంగా పంపి, క్రెడిట్ నోట్ అందేవరకు ఆ పద్దును యాప్ మూసేయకుండా ఉంచాలని సూచించాము. విడిగా తూచి అమ్మే పప్పులు, దినుసులకూ, అసలు వాపసే లేని చిన్న తయారీదారుల సరుకుకూ ఈ వాపసు లెక్క వర్తించదు. రెండో రకానికి ఎంత మిగులుతుందో చూపే లెక్క మాత్రం పనికొస్తుంది.

యాప్ నెట్ లేకపోయినా పనిచేయాలనీ, తెలుగులో పెద్ద అక్షరాలతో ఉండాలనీ, మధ్యాహ్నం దుకాణంలో కూర్చునే ఇంట్లోవారు కూడా వాడగలిగేలా ఉండాలనీ సభ్యులు కోరారు. దుకాణానికి తరచుగా ఒకే ఫోన్ ఉంటుంది, యూపీఐ జమలు మోగేదీ అందులోనే. కాబట్టి రోజంతా హెచ్చరికలు పంపే యాప్‌ను ఎవరైనా రెండో రోజే తీసేస్తారు.

వచ్చే సంవత్సరం యాప్ తయారీకి ముందు డిస్ట్రిబ్యూటర్ల వాపసు షరతులను లిఖితపూర్వకంగా సేకరించాలని కార్యవర్గం ప్రతిపాదిస్తున్నది. ఎన్ని రోజుల ముందు చెప్పాలో తెలియనిదే సూత్రంలోని 30కి ఆధారం ఉండదు. సభ్యులు తమకు సరుకు వేసే డిస్ట్రిబ్యూటర్ల పేర్లను, వారు నోటిమాటగా చెప్పిన వాపసు షరతులను వచ్చే సమావేశానికి ముందే కార్యాలయంలో అందజేయవలసిందిగా కోరుతున్నాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి