రిమ్ము మాట ఎత్తకుండా ట్యూబ్‌లెస్ వేయించుకోమంటే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారాలు.

పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో రహదారి భద్రత సభ వార్త వచ్చింది. ద్విచక్ర వాహనదారులంతా పాత ట్యూబు టైర్లు తీసేసి ట్యూబ్‌లెస్ టైర్లు వేయించుకోవాలని, పంక్చర్ అయినా ప్రమాదం ఉండదని ఒక అధికారి చెప్పినట్టు రాశారు. దానికి పెద్ద అక్షరాల శీర్షిక కూడా పెట్టారు. ఆ రోజే రాద్దామనుకున్నాను. ఎవరైనా సరిదిద్దుతారేమోనని ఆగాను. ఇంతవరకు ఒక్క ముక్క రాలేదు. ఈలోగా మా వీధిలోనే ఒకరు ఆ మాట నమ్మి కింద పడ్డారు కాబట్టి ఇక ఊరుకోలేక రాస్తున్నాను. నేను బస్సుల గ్యారేజీలో టైర్ల పని చేసి రిటైరైనవాడిని. తెలిసిన సంగతే చెబుతాను.

ఆ అధికారి టైరు గురించి చెప్పారు, రిమ్ము గురించి చెప్పలేదు. ట్యూబ్‌లెస్‌లో గాలిని పట్టి ఉంచేది టైరు ఒక్కటే కాదు, టైరూ రిమ్మూ కలిసి. టైరు అంచు, మేం బీడ్ అంటాం, రిమ్ముకు గట్టిగా ఒత్తుకుని కూర్చుంటే ఆ రెంటి మధ్య గాలి నిలుస్తుంది. మరి మన పల్లెల్లో తిరిగే బండ్లలో ఎన్నిటికి పుల్లల చక్రాలున్నాయో ఆ సభలో ఎవరైనా బయటికొచ్చి చూశారా? పుల్లల రిమ్ముకు ప్రతి పుల్ల దగ్గరా ఒక రంధ్రం ఉంటుంది. పుల్లను బిగించే చిన్న నట్టు, మేం నిప్పుల్ అంటాం, ఆ రంధ్రంలోంచి లోపలికి పొడుచుకొస్తుంది. అది ట్యూబుకు గుచ్చుకోకుండా చుట్టూ రబ్బరు పట్టీ వేస్తారు. ఆ పట్టీ గాలిని ఆపదు. అలాంటి రిమ్ముకు ట్యూబ్‌లెస్ టైరు తొడిగి గాలి కొడితే, కొట్టిన గాలి కొట్టినట్టే పుల్లల సందుల్లోంచి పోతుంది. గాలి పోకుండా తయారు చేసిన పుల్లల చక్రాలు లేకపోలేదు, అవి ఖరీదైన కొన్ని బండ్లకే వస్తాయి. రంధ్రాలకు టేపు, గమ్ము పెట్టి మూసేవాళ్లూ ఉన్నారు. కానీ మన గుంతల రోడ్ల మీద పుల్లలు వదులవుతూనే ఉంటాయి, బిగిస్తూనే ఉండాలి. బిగించినప్పుడల్లా నిప్పుల్ తిరుగుతుంది, ఆ మూత ఊడుతుంది.

ఇప్పుడు మా పక్కింటి కుర్రాడి సంగతి వినండి. ఊళ్లో పాలు పోగుచేసి రెండు క్యాన్లు వెనక కట్టుకుని పొద్దున్నే దేవరకొండకు తెస్తాడు. పుల్లల చక్రాల బండి. మీ వార్త చూసి టైర్ల షాపుకు పోయి వెనక చక్రానికి ట్యూబ్‌లెస్ కావాలన్నాడు. ఆ షాపతను కొత్త ట్యూబ్‌లెస్ టైరు వేసి, లోపల ట్యూబు కూడా పెట్టి ఇచ్చాడు. టైరూ ట్యూబూ కలిపి రెండు వేలకు పైగా అయ్యాయి. ఇక పంక్చర్ బాధ లేదనుకుని కుర్రాడు మరింత ధైర్యంగా నడిపాడు. వారం తిరక్కుండా డిండి రోడ్డు మీద వెనక చక్రం ఒక్కసారిగా కూలబడింది, బండి తోక ఊపినట్టు ఊగి పక్కకు పడింది. పాలన్నీ నేలపాలు. మోకాలు, మోచేయి చెక్కుకుపోయాయి. వెనకాల లారీ లేదు కాబట్టి అంతటితో బయటపడ్డాడు.

"కాకా, ట్యూబ్‌లెస్సే గదా, గింత జల్ది గాలెట్ల పోయింది?" అని బండి మా ఇంటిముందుకు తోసుకొచ్చాడు. చక్రం విప్పి టైరు తీశాను. ట్యూబుకు ఒకచోట సన్నటి ముల్లు రంధ్రం ఉంది. అది కాక వాల్వ్ మొదట్లో రబ్బరు సగం దాకా చీలి ఉంది. గాలి పోయాక టైరు రిమ్ము మీద జారి ట్యూబును తనతో లాక్కుపోయింది. వాల్వ్ మాత్రం రిమ్ము రంధ్రంలో ఇరుక్కుని ఉంది, అక్కడ చీలింది. వాల్వ్ దగ్గర చీలితే ప్యాచ్ పనిచేయదు, ట్యూబు పారేయడమే. టైరు లోపల బట్టతో తుడిస్తే దారాలు ఒకచోట పట్టుకున్నాయి. అక్కడ విరిగిన తుమ్మముల్లు మొన బియ్యపుగింజలో సగమంత పైకి తేలి ఉంది.

ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా గాలి మెల్లగా పోతుందంటే దానికి కారణం లోపలి రబ్బరు పొర ఆ మేకును చుట్టూ బిగపట్టుకోవడం. గాలి నేరుగా ఆ పొరకే ఆనుకుని ఉన్నప్పుడే ఇది జరుగుతుంది. లోపల ట్యూబు పెడితే గాలి ఉండేది ట్యూబులో. ముల్లు దాన్ని పొడిచిందంటే గాలి ట్యూబుకూ టైరుకూ మధ్యలోకి వచ్చి, వాల్వ్ రంధ్రం నుంచి, పుల్లల సందుల్లోంచి క్షణాల్లో పోతుంది. అంటే డబ్బు ట్యూబ్‌లెస్‌కు కట్టి ప్రమాదం ట్యూబుది కొనుక్కున్నట్టు. పైగా ట్యూబ్‌లెస్ టైరు బీడ్ గట్టిగా ఉంటుంది, లివర్లతో ఎక్కించేటప్పుడు ట్యూబు నలుగుతుంది. రెండూ రాసుకుని వేడెక్కుతాయి కూడా. దారిలో దిక్కులేనప్పుడు ఇల్లు చేరడానికి, నెమ్మదిగా, ట్యూబు పెట్టుకుంటే సరే. ఏళ్ల తరబడి అలా తిరగమని ఎవరూ చెప్పకూడదు.

అల్లాయ్ చక్రమైతే ట్యూబ్‌లెస్ మేలే, కాదనను. అక్కడ కూడా ఒకటి చూడాలి. ట్యూబు టైర్లతో వచ్చిన అల్లాయ్ చక్రాలూ ఉన్నాయి. ట్యూబ్‌లెస్‌కు పనికొచ్చే రిమ్ములో బీడ్ కూర్చునే చోట చిన్న గట్టులాంటిది ఉంటుంది, గాలి తగ్గినా బీడ్ లోపలికి జారకుండా అది ఆపుతుంది. ట్యూబ్‌లెస్‌కు తగినదైతే చాలా రిమ్ముల మీద ఆ మాట పోతపోసి ఉంటుంది. టైరు పక్క గోడ మీద ట్యూబ్‌లెస్ అనో ట్యూబ్ టైప్ అనో అచ్చు ఉంటుంది. రెండూ చదివాకే డబ్బులు తీయాలి.

అలాంటి చక్రంలో మేకు కనబడితే చాలామంది వెంటనే పీకేస్తారు. పీకొద్దు. గాలి చూసుకుని, అవసరమైతే కొట్టించుకుని, నెమ్మదిగా షాపు దాకా పోవాలి. షాపులో మేకు ఏ వాలున దిగిందో చూసి తీసి, ఆకురాయిలాంటి సూదితో అదే వాలున రంధ్రాన్ని గరుకు చేసి, సొల్యూషన్ పూసిన రబ్బరు స్ట్రిప్‌ను రెండో సూదితో దూర్చి, కొస బయట మిగిలేలా సూదిని ఒక్క గుంజుతో లాగాలి. మిగిలింది కోసి, గాలి కొట్టి, సబ్బు నీళ్లు పోసి బుడగ రావడం లేదని చూడాలి. చక్రం విప్పే పని లేదు. ఇది రోడ్డుకు ఆనే భాగంలో, చిన్న రంధ్రానికి మాత్రమే. పక్క గోడకు చిల్లు పడితే స్ట్రిప్ వేయనే కూడదు, వేసిచ్చే షాపులు మాత్రం ఉన్నాయి. పక్క గోడ తిరిగే ప్రతి చుట్టులోనూ వంగుతుంది, స్ట్రిప్ ఎప్పుడు ఎగిరిపోతుందో చెప్పలేం.

ట్యూబ్‌లెస్‌కు మన రోడ్ల మీద ఇంకో కష్టం ఉంది. గుంతలో పడి రిమ్ము అంచు వంగితే అక్కడి నుంచి గాలి కారుతుంది. బీడ్ పూర్తిగా ఊడితే చేతిపంపుతో తిరిగి కూర్చోదు, కంప్రెసర్ కావాలి. తండాల్లో, గుట్టల దారుల్లో కంప్రెసర్ ఎక్కడుంటుంది? ట్యూబు టైరుకు ఒక ప్యాచ్, చేతిపంపు ఉంటే బండి కదులుతుంది. కాబట్టి పుల్లల బండి ఉన్నవాళ్లు సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. మంచి ట్యూబు టైరు, కొత్త ట్యూబు, లోపలి పట్టీ సరిగ్గా ఉండేలా చూసుకుంటే చాలు. ప్యాచ్ వేయించేటప్పుడు దగ్గరుండి ఒక పని చేయించండి. టైరు విప్పకముందే వాల్వ్ ఎదురుగా టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టించండి. ట్యూబుకు రంధ్రం వాల్వ్ నుంచి ఎంత దూరంలో ఉందో, గీత నుంచి అంతే దూరంలో టైరులో ముల్లు ఉంటుంది. అది తీయకుండా ట్యూబుకు ప్యాచ్ వేస్తే మర్నాడు మళ్లీ అక్కడే దిగుతుంది. "ప్యాచ్ ఆగలేదు" అని షాపు వాడితో గొడవపడే కేసుల్లో చాలావరకు ఇదే.

వెనక చక్రం గాలి హఠాత్తుగా పోతే హ్యాండిల్ సూటిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి. గాలి పోయిన చక్రానికి బ్రేకు తొక్కకూడదు, ముందు బ్రేకును కొద్దికొద్దిగా పట్టుకుని పక్కకు తేవాలి. సభలో ఈ నాలుగు మాటలు చెప్పి ఉంటే మా కుర్రాడికి పనికొచ్చేవి.

అసలు ఆ ముల్లు రోడ్డు మీదికి ఎలా వచ్చింది? మా వైపు రోడ్ల పక్కన సర్కారు తుమ్మ కమ్ముకుపోయింది. ఏడాదికోసారి మిషన్ పెట్టి కొట్టిస్తారు. కొట్టిన కంప అక్కడికక్కడే, సగం తారు మీదే పడి ఉంటుంది. ఎండి, టైర్ల కింద నలిగి, ముళ్లు రోడ్డంతా పరుచుకుంటాయి. ఎత్తించమని ఒక ఆఫీసుకు పోతే ఈ రోడ్డు మాది కాదన్నారు, రెండో ఆఫీసుకు పోతే కొట్టడానికే బిల్లు వచ్చింది, ఎత్తడానికి రాలేదన్నారు. గుంతలు పూడ్చరు, ముళ్లు ఎత్తరు, జనవరి రాగానే ఫ్లెక్సీలు కట్టి టైర్లు మార్చుకోమని రైతులకూ కూలీలకూ చెబుతారు. ఇదివరకు ఇలాంటి సభల్లో ఒక మెకానిక్కునైనా పిలిచి మాట్లాడించేవారు. ఇప్పుడు వేదిక మీద శాలువాలు కప్పించుకునేవాళ్లే తప్ప చక్రం విప్పినవాళ్లు ఒక్కరూ కనబడరు. ఆ మాటను అలాగే అచ్చు వేసేముందు మీ విలేకరి ఏ పంక్చర్ షాపు దగ్గరైనా ఆగి అడిగి ఉంటే అక్కడే తెలిసేది.

మామూలు పుల్లల చక్రాలకు ట్యూబ్‌లెస్ పనికిరాదని, ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు పెట్టి అమ్మితే తీసుకోవద్దని, మొదటి వార్త వేసిన పేజీలోనే, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. తుమ్మ కంప కొట్టించినవాళ్లే అదే రోజు ఎత్తించాలని ఆదేశాలివ్వమని కలెక్టర్ గారిని కోరుతున్నాను.

— ఒక రిటైర్డ్ గ్యారేజీ కార్మికుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా